స్టైపెండ్‌పై తప్పుగా పన్ను బాకీ నోటీసు వస్తే ఏం చేయాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పీజీ విద్యార్థినికి ప్రాజెక్టులో నెలకు 20,000 రూపాయల స్టైపెండ్. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మొత్తం 2,40,000. అందులో 10 శాతం, అంటే 24,000 టీడీఎస్‌గా కోశారు. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 3 లక్షల వరకు పన్నే లేదు. కాబట్టి కోసిన 24,000 మొత్తం ఆమెకు వెనక్కి రావాలి. దానికి బదులు 5,120 రూపాయలు కట్టమని, రిటర్న్ లెక్క చూశాక ఆదాయపు పన్ను శాఖ 143(1) సెక్షన్ కింద పంపే ఇంటిమేషన్ వచ్చింది.

తప్పు స్టైపెండ్ ఇచ్చిన ఆఫీసు వాళ్లు వేసిన టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో జరిగింది. చివరి మూడు నెలల 60,000 ను 6,00,000 గా ఎక్కించారు. దాంతో ఏడాది ఆదాయం 7,80,000 అయింది. రిటర్న్‌లో ముందే నింపి వచ్చిన ఆ అంకెను నెట్ సెంటర్‌లో అలాగే ఉంచి, మిగిలిన పన్ను కట్టకుండానే ఫైల్ చేశారు. 7,80,000 కు పన్ను, సెస్ కలిపి 29,120. అందులో 24,000 తీసేస్తే 5,120.

చిన్న మొత్తమే కదా, కట్టేస్తే టెన్షన్ పోతుందని చాలామంది ఇక్కడే డబ్బు కట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. కడితే 7,80,000 ఆదాయం రికార్డులో అలాగే ఉండిపోతుంది, రావలసిన 24,000 కూడా పోతుంది.

ముందుగా incometax.gov.in లో లాగిన్ అయి, View Filed Returns నుంచి ఇంటిమేషన్ దించుకోండి. పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని వెంటే పుట్టిన తేదీ. మీరు చూపిన అంకె, శాఖ లెక్కగట్టిన అంకె పక్కపక్కనే ఉంటాయి. రెండు చోట్లా ఒకే ఆదాయం ఉంటే తప్పు రిటర్న్‌లోనే ఉందన్నమాట. తర్వాత మీ పేరిట కోసిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తెరిచి, ఏ త్రైమాసికంలో అంకె పెరిగిందో చూడండి.

ఆదాయానికి గట్టి రుజువు బ్యాంకు స్టేట్‌మెంటే. మన ఉదాహరణలో ఏడాదిలో 18,000 చొప్పున పన్నెండు జమలు కనిపించాలి, అంటే 2,16,000. దానికి కోసిన 24,000 కలిపితే సరిగ్గా 2,40,000. దీనికి స్టైపెండ్ మంజూరు ఉత్తర్వు, టీడీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ జత చేయండి. ఇంటి నుంచి ఖర్చులకు వచ్చిన డబ్బు అదే ఖాతాలో ఉంటే ఆ జమల పక్కన ఎవరు పంపారో రాసుకోండి.

ఇప్పుడు రిటర్న్ దిద్దాలని తొందరపడొద్దు. ముందు స్టైపెండ్ ఇచ్చిన ఆఫీసు అకౌంట్స్ విభాగానికి రాతపూర్వకంగా అడగండి: జనవరి-మార్చి టీడీఎస్ స్టేట్‌మెంట్ అయిన ఫారం 26క్యూకు కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి, కొత్త ఫారం 16ఏ ఇవ్వమని. 26ఏఎస్‌లో 7,80,000 ఉండగా మీరు 2,40,000 చూపి టీడీఎస్ మొత్తం అడిగితే, లోపాల రిటర్న్ అంటూ 139(9) నోటీసు రావచ్చు, లేదా టీడీఎస్‌లో కొంత భాగమే మీ లెక్కలో వేయవచ్చు. ఈలోగా మీ ఏడాది ఆదాయ వివరాలు కనిపించే ఏఐఎస్‌లో ఆ ఎంట్రీకి Information is not fully correct అని ఫీడ్‌బ్యాక్ పెట్టి, సరైన మొత్తం 60,000 అని నింపండి.

26ఏఎస్ సరయ్యాక, సవరణ గడువు మిగిలి ఉంటే, 139(5) కింద సవరించిన రిటర్న్ వేసి, 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయండి. ఆఫీసు సాగదీస్తూ గడువు ముంచుకొస్తే మాత్రం ఆగకండి. నిజమైన అంకెతో వేసేసి రుజువులు దగ్గర పెట్టుకోండి.

రిటర్న్ సవరించినంత మాత్రాన బాకీ వెంటనే మాయం కాదు. Pending Actions లో Response to Outstanding Demand కు వెళ్లి, బాకీతో ఏకీభవించడం లేదని ఎంచుకుని, సవరించిన రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇవ్వండి. ఇంటిమేషన్ అందిన 30 రోజుల్లోపే ఈ జవాబు పెట్టడం మంచిది. ఆ తర్వాత బాకీ మీద నెలకు ఒక శాతం వడ్డీ లెక్కగడతారు. వేరే ఏడాది రిఫండ్‌లోంచి దీన్ని పట్టుకుంటామని 245 సెక్షన్ నోటీసు వచ్చినా ఇదే జవాబు చెప్పాలి.

చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్‌కు 10(16) కింద మినహాయింపు ఉంది కదా, అది చూపిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. చేసిన పనికి ఇచ్చే స్టైపెండ్ దాని కిందికి వస్తుందా అన్నది వాదనకు దిగే విషయం. ఆదాయమే పరిమితిలోపు ఉన్నప్పుడు ఆ వాదన తెచ్చుకోనక్కర్లేదు.

2024-25 ఆదాయానికి రిటర్న్ సవరించే గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. అది దాటినవాళ్లకు 264 సెక్షన్ దారి ఉంది. ఇంటిమేషన్ అందిన ఏడాదిలోపు, 500 రూపాయల రుసుముతో ప్రిన్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అందులో 7,80,000 ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాసి, దిద్దిన ఫారం 16ఏ, బ్యాంకు స్టేట్‌మెంట్, మంజూరు ఉత్తర్వు జతపరచండి.