కిరాయి ప్రకటన పెట్టినా ఇల్లు ఖాళీగానే ఉందా? తప్పు ఎక్కడుందో ఇట్లా పట్టుకోండి

మా అక్కవాళ్లకు హనుమకొండ నయీంనగర్‌లో రెండో అంతస్తులో ఒక ఫ్లాట్ ఉంది. పాతవాళ్లు ఖాళీ చేసి పోయాక బావ ఒక సైట్‌లో ప్రకటన పెట్టాడు. శీర్షిక ఇది: "లగ్జరీ ఫ్లాట్, అన్ని సౌకర్యాలతో, ప్రైమ్ లొకేషన్, వెంటనే సంప్రదించండి". నెల కావస్తున్నా ఇల్లు పోలేదు. అక్క ఫోన్ చేసి "కిరాయి తగ్గిద్దామా?" అంటే, ముందు ప్రకటన చూపించమన్నాను. కిరాయి 12,000 ఆ చుట్టుపక్కల అడిగేదే. తప్పు రాతలో ఉంది.

ఇల్లు పోవట్లేదు అన్నంతమాత్రాన జబ్బు తెలియదు. ప్రకటన కింద ఎంతమంది చూశారో సైట్ చూపిస్తుంది. ఆ సంఖ్య, వచ్చిన ఫోన్లు, ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే తప్పు అక్కడుంది.

సమస్య: అసలు ఎవరూ చూడట్లేదు

కారణం: వెతికేవాళ్ల మాట మీ శీర్షికలో లేదు. "లగ్జరీ", "ప్రైమ్" అని ఎవరూ వెతకరు. ఊరు, ఏరియా, ఎన్ని గదులు, దగ్గర్లో ఏముంది అని వెతుకుతారు. బావ శీర్షికలో నయీంనగర్ పేరే లేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఊరి పేరును ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తారు. `Hanamkonda` అని కొట్టేవాళ్లున్నారు, `Hanumakonda` అని కొట్టేవాళ్లున్నారు. మా ఏరియా కూడా అంతే: `Naimnagar`, `Nayeem Nagar`. శీర్షికలో ఒక రూపం పెట్టి, వివరణలో రెండో రూపం ఒక్కసారి వచ్చేలా రాస్తే చాలు. పదిసార్లు రాస్తే చదివేవాళ్లకు విసుగు. అట్లాగే గదుల సంఖ్యను `2BHK` అని రాయండి. "డబుల్ బెడ్‌రూం ఇల్లు" అంటే మన తెలంగాణలో ముందు గుర్తొచ్చేది సర్కారు ఇచ్చే ఇల్లు, వెతికినా ఆ వార్తలే వస్తాయి.

రెండో కారణం చాలామందికి తెలియదు. వివరణలో "లిఫ్ట్ ఉంది" అని రాసినంతమాత్రాన సైట్‌కు అది తెలియదు. లిఫ్ట్, పార్కింగ్, ఎవరికి ఇస్తారు, ఎప్పటి నుంచి ఖాళీ అనే గడులు విడిగా ఉంటాయి. వాటిని టిక్ చేయకపోతే, "లిఫ్ట్ ఉన్నవి మాత్రమే" అని వడపోసినవాళ్లకు మీ ఇల్లు కనపడదు. కిరాయి గడి ఖాళీగా వదిలి "మాట్లాడుకుందాం" అని రాసినా అంతే, 10,000 నుంచి 13,000 మధ్య వెతికేవాళ్ల జాబితాలోకి మీరు రారు. బావ లిఫ్ట్ గడీ వదిలేశాడు, కిరాయి గడీ వదిలేశాడు.

శీర్షిక ఇట్లా మార్చాం: "2BHK కిరాయికి, నయీంనగర్ హనుమకొండ, 2వ అంతస్తు, లిఫ్ట్, కేయూ క్రాస్‌రోడ్డు దగ్గర". ఫోన్ తెరమీద శీర్షిక తోక తెగిపోతుంది, అందుకే గదులూ ఏరియా మొదట పెట్టాం.

సమస్య: ఫోన్లు వస్తున్నాయి, ఎవరూ ఇంటిదాకా రావట్లేదు

కారణం: ఫోన్‌లో అడిగేది ప్రకటనలో లేదు. శీర్షిక మార్చిన వారంలో అక్కకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఏం అడిగారో రాసిపెట్టమన్నాను. తొమ్మిదిలో ఏడుగురు ఒకటే అడిగారు: "అక్కా, నీళ్లు ఎట్ల వస్తయి?" మిగతావి మెయింటెనెన్స్ ఎంత, కారు పెట్టుకోవచ్చా, కరెంటు మీటర్ వేరేనా అనేవి. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే అది ప్రకటనలో రాయాల్సిన వాక్యం.

"నీళ్లకు ఢోకా లేదు" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. అక్కతో కూర్చుని ఇట్లా రాశాం: "బోరు నీళ్లు ఇరవై నాలుగు గంటలు. మున్సిపల్ నల్లా రోజు విడిచి రోజు, ఉదయం సంపులోకి వస్తుంది. తాగటానికి క్యాన్ తెప్పించుకోవాలి. మెయింటెనెన్స్ నెలకు 1,200, కిరాయికి అదనం. కరెంటు మీటర్ సొంతం. అడ్వాన్స్ రెండు నెలలు." మెయింటెనెన్స్ దాచి 12,000 అని ఊరించటం కంటే, నెలకు మొత్తం 13,200 అని స్పష్టంగా చెప్పటమే మేలు. అంత పెట్టలేనివాళ్లు ఫోన్ చేయరు, ఇద్దరికీ టైం మిగులుతుంది.

సమస్య: వచ్చి చూసి, "చెప్తం" అని వెళ్లిపోతున్నారు

ఇది అన్నిటికంటే బాధ పెట్టేది, ఎందుకంటే అక్క ప్రతిసారీ ఇల్లు ఊడ్చి, తాళం పట్టుకుని ఎదురుచూసేది. కారణం రాతకూ ఇంటికీ మధ్య తేడా. నేనే వెళ్లి ప్రకటన చేతిలో పట్టుకుని ఒక్కో మాటకు ఇల్లు చూశాను.

"1,000 చదరపు అడుగులు" అని ఉంది. అది గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్ట్‌లో వాటా కలిపిన లెక్క. టేపుతో గదులు లోపలి నుంచి కొలిస్తే హాలు 20×11, బెడ్‌రూంలు 13×11, 11×11, వంటగది 10×8. బాత్రూంలు, నడవా కలిపినా 652 వచ్చింది. వెయ్యి ఊహించుకుని వచ్చినవాళ్లకు ఇల్లు ఇరుకుగా కనపడక ఏం చేస్తుంది? రెండు అంకెలూ రాసి, ఏది దేనిదో చెప్పాం, గదుల కొలతలు కూడా ఇచ్చాం. చదివినవాళ్లు తమ బీరువా, మంచం పడతాయో లేదో ఇంటి దగ్గరే కొలుచుకుంటారు.

"గాలీ వెలుతురూ బాగా వస్తాయి" అన్నది హాలుకే నిజం. రెండో బెడ్‌రూం కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది, మధ్యాహ్నం కూడా లైటు వేయాలి. అదే రాశాం. "విశాలమైన పార్కింగ్" తీసేసి "రెండు బండ్లకు స్థలం, కారుకు లేదు" అని పెట్టాం. "క్యాంపస్‌కు 5 నిమిషాలు" అన్నదీ మార్చాం. బండి మీదా, నడిచా? అక్క గేటు నుంచి కేయూ క్రాస్‌రోడ్డుకు నడిచి చూసింది, పావుగంట పట్టింది. "కేయూ క్రాస్‌రోడ్డుకు నడక పావుగంట" అనే రాశాం.

ఒక్క విషయంలో అక్క తటపటాయించింది. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా సెల్లార్‌లోకి మోకాలు లోతు నీళ్లొచ్చాయి. "అది రాస్తే ఎవరొస్తరు?" అంది. ఆ వాన ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? వచ్చినవాళ్లు కింద కిరాణా కొట్టులో అడిగితే చెప్తారు, అప్పుడు మనం దాచినట్టు తేలుతుంది. అందుకే ఇట్లా రాశాం: "2020లో సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి, ఫ్లాట్‌లోకి రాలేదు. పెద్ద వాన పడితే బండి వీధి పైవైపు పెట్టుకోవాలి." లోపం ఒక్కటే రాయకుండా, దానికి ఏం చేయాలో కూడా పక్కనే రాయండి.

కొత్త ప్రకటనకు ఫోన్లు తగ్గాయి, నాలుగే వచ్చాయి. అందులో ఇద్దరు చూడటానికి వచ్చారు. రెండో కుటుంబం, ఎంజీఎంలో నర్సుగా చేసే అమ్మాయి, ఆమె భర్త, నేరుగా డక్టు కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి లైటు వేసి చూశారు. "నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోవాలె, చీకటిగా ఉంటే మాకే నయం" అంది. ఆ సాయంత్రమే అడ్వాన్స్ ఇచ్చారు.

ఈ మూడూ సరిచేశాక కూడా, వచ్చినవాళ్లంతా ఇల్లు బాగుందంటూనే వెళ్లిపోతుంటే అది రాత సమస్య కాదు. అదే వీధిలో అదే సైజు ఇళ్లకు ఎంత చెప్తున్నారో టూ-లెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోన్ చేసి కనుక్కుని, కిరాయి దగ్గర ఆలోచించండి. ఇల్లు పోయిన రోజే ప్రకటన తీసేయండి. లేకపోతే నాలుగు నెలలదాకా ఫోన్లు మోగుతూనే ఉంటాయి.