పక్కకు ఒత్తిగిలితే గది తిరగడం: నాకు పనిచేసిన ఎప్లీ పద్ధతి

మంచంపై కుడివైపు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగేది. మెడ ఎక్స్‌రే, గ్యాస్ మాత్రలు, తలతిరుగుడు మాత్రలు ఏవీ ఫలించలేదు. చెన్నైలోని ఈఎన్‌టీ డాక్టరుగారు నన్ను పడుకోబెట్టి, కళ్ళు అదిరే తీరు చూసి, కుడి చెవి లోపలి వెనుక నాళంలోకి కాల్షియం స్ఫటికాలు జారాయని తేల్చారు.

ఆ స్ఫటికాలను వెనక్కి పంపే ఎప్లీ పద్ధతిలో, ఆయన సమక్షంలో కూర్చుని, తలను కుడికి 45 డిగ్రీలు తిప్పి, అలాగే వెల్లకిలా వాలి, భుజాల కింది దిండు మీదుగా తలను కాస్త వెనక్కి వంచాను; తిరుగుడు ఉధృతమయ్యేది ఇక్కడే, అయినా లేవకూడదు. అది ఆగాక మరో అర నిమిషం ఉండి, తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పాను. పిమ్మట ముక్కు నేలను చూసేలా ఎడమకు ఒత్తిగిలి, కొంతసేపాగి, గడ్డం దించుకునే లేచాను. స్ఫటికాలు నాళం వెంట జారి, చెవి లోపల అవి మామూలుగా ఉండే సంచిలోకి చేరతాయట.

స్ఫటికాలు పక్క నాళంలో ఉంటే పద్ధతి వేరు. మాట తడబడినా, చూపు రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.