రిసెప్షన్ పాటలు: ఫ్లోర్ ఎందుకు ఖాళీ అవుతోంది, ఏం చేయాలి

విశాఖలో రిసెప్షన్ హాల్లోకి వెళితే ఒక్క భాష వినపడదు. అమ్మాయి వైపు శ్రీకాకుళం, విజయనగరం చుట్టాలు. అబ్బాయి వైపు బరంపురం నుంచి ఒడియా మాట్లాడేవాళ్ళు. మధ్యలో నేవీలోనో స్టీల్ ప్లాంట్‌లోనో పనిచేసే హిందీ కొలీగ్స్, చెన్నై నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు. వీళ్ళలో ఎనభై దాటిన తాతయ్యలుంటారు, ఎనిమిదేళ్ళ పిల్లలూ ఉంటారు. ఇంతమందినీ మెప్పించాలని ఇంట్లోవాళ్ళు చేసే పని ఒక్కటే: లిస్టు పెంచుకుంటూ పోవడం. వంద పాటలు రాసిచ్చినా మూడు గంటల రిసెప్షన్‌లో సగం కూడా రావు. పైగా చిక్కు చాలాసార్లు పాటల్లో ఉండదు. ఏ పాట ఎప్పుడు వచ్చింది, దేని తర్వాత వచ్చింది అన్నదాంట్లో ఉంటుంది.

సమస్య: పెద్దవాళ్ళు కవరిచ్చి, ఫొటో దిగి, భోంచేసి వెంటనే వెళ్ళిపోతున్నారు

కారణం: వాళ్ళు ఉన్న సమయంలో వాళ్ళ పాట రాలేదు. పెద్దవాళ్ళు ఏడింటికే వస్తారు, ఎనిమిదిన్నరకల్లా భోజనం ముగిస్తారు. కుర్రాళ్ళు ఎనిమిదిన్నర దాటాకే చేరతారు. డీజే మాత్రం ఏడింటికి కొత్త పాటలతో మొదలుపెట్టి, ‘పాతవి తర్వాత వేద్దాం లెండి’ అంటాడు. ఆ ‘తర్వాత’ వచ్చేసరికి పెద్దత్త కారెక్కేసి ఉంటుంది.

పరిష్కారం: మొదటి గంటంబావు పెద్దవాళ్ళకే వదిలేయండి. స్టేజి మీద క్యూ నడుస్తున్నంతసేపూ ఎవరూ డాన్స్ చేయరు కాబట్టి హుషారు పాటలు అప్పుడు వేసినా దండగే. 1957 నాటి ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ వేస్తే తెలుగు తాతయ్యలతో పాటు తమిళ అతిథులూ తలెత్తి చూస్తారు, ఎందుకంటే ఆ సినిమా తమిళంలోనూ వచ్చింది, బాణీ అదే. ఒడియా పెద్దల కోసం అక్షయ మొహంతి పాటలు నాలుగు కలపండి. ‘మాయాబజార్’లోదే ‘వివాహ భోజనంబు’ని బఫే తెరిచే క్షణానికి అట్టేపెట్టండి. దాన్ని మించిన భోజనాల పిలుపు నాకు తెలిసి లేదు. తమిళులకు అది ‘కల్యాణ సమయల్ సాదం’గా చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఒక్క జాగ్రత్త. ‘ఘంటసాల హిట్స్’ అని ఏదో ఒక ప్లేలిస్టు పెట్టి వదిలేయకండి. నాలుగు ప్రేమ పాటల తర్వాత ‘దేవదాసు’లోని ‘జగమే మాయ’ వచ్చేస్తుంది, అప్పుడు స్టేజి మీద ఉన్న కొత్త దంపతుల మొహాలు చూడాలి. హిందీలోనూ ఇదే గొడవ. 2016లో వచ్చిన ‘చన్నా మేరేయా’ వినడానికి పెళ్ళిపాటలాగే ఉంటుంది. నిజానికి సినిమాలో హీరో దాన్ని తాను ప్రేమించిన అమ్మాయి ఇంకొకరిని పెళ్ళి చేసుకుంటున్నప్పుడు పాడతాడు. హిందీ రానివాళ్ళు ట్యూన్ బాగుందని లిస్టులో రాస్తారు, హిందీ వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీకు రాని భాషలోని ప్రతి పాటనూ ఆ భాష మాట్లాడే ఒకరికి ముందే వినిపించండి. చరణాల అర్థం కూడా అడగండి.

సమస్య: తెలుగు పాటకు నిండిన ఫ్లోర్, హిందీ పాట పడగానే ఖాళీ

దీన్ని చాలామంది భాష సమస్య అనుకుంటారు. అసలు కారణాలు రెండు, రెంటికీ వైద్యం వేరు. ఏది మీ కేసో తెలుసుకోవడం తేలిక: పాట మారిన తర్వాత జనం ఎంతసేపటికి కదిలారో గమనించండి.

మొదటి పది సెకన్లలోనే ఆగిపోయి, కాళ్ళు తడబడి, తర్వాత పక్కకు వెళితే తప్పు తాళానిది. తీన్మార్ దరువు మూడు మూడుగా నడుస్తుంది: తకిట తకిట. ‘నాటు నాటు’ నడకా అదే. పంజాబీ భాంగ్రా, మామూలు సినిమా డాన్స్ పాటలు ఎక్కువగా నాలుగు నాలుగుగా ఉంటాయి: తకధిమి తకధిమి. తకిటలో ఊగుతున్న వంటికి ఒక్కసారిగా తకధిమి ఇస్తే కాలు ఎక్కడ పడాలో తెలియదు. ఇంట్లో లిస్టు రాసేటప్పుడే ప్రతి పాటా వింటూ నోటితో ‘తకిట’ అనుకోండి. కుదరకపోతే ‘తకధిమి’ అనుకోండి. పాట పక్కన 3 అనో 4 అనో రాసుకోండి. 3 అని రాసిన పాటలన్నీ ఒక గుత్తి, 4 అని రాసినవి ఇంకో గుత్తి. ఒక గుత్తి నుంచి ఇంకోదానికి వెళ్ళేచోట పాటను పాటలో కలపమని డీజేని అడగొద్దు. అక్కడ ఆపి, మైకులో రెండు మాటలు మాట్లాడించండి, లేదా ఢోల్ వాళ్ళు ఉంటే ఒక నిమిషం వాయించమనండి.

జనం ముప్పై, నలభై సెకన్లు ఆడి, పల్లవి అయ్యాక నెమ్మదిగా జారుకుంటే అప్పుడు అది భాష. అంటే పాట ఎవరిదో తెలియలేదు. దీనికి నేను నమ్మే మందు ఒకటే: ఒకే బాణీ రెండు మూడు భాషల్లో ఉన్న పాటలు. మనకు ఇవి కొరత లేదు. 1994 నాటి ‘ప్రేమికుడు’లో ‘ఊర్వశి ఊర్వశి’, ‘ముక్కాలా ముక్కాబులా’ తెలుగు, తమిళ, హిందీ మూడింటిలోనూ ఉన్నాయి. ‘నాటు నాటు’ హిందీలో ‘నాచో నాచో’, తమిళంలో ‘నాట్టు కూత్తు’. ఇవి డబ్బింగ్ కాబట్టి వెనకున్న వాద్యాలు అవే, వేగం అదే, గొంతులూ మాటలూ మాత్రమే వేరు. అందుకని డీజే తెలుగు పల్లవి అయ్యాక చరణం దగ్గర హిందీకి మార్చినా డాన్స్ ఆగదు. పల్లవి మధ్యలో మాత్రం మార్చనివ్వకండి.

ఇంకో రకం ఉంది. ‘ఆర్య 2’లోని ‘రింగ రింగా’ బాణీనే దేవిశ్రీ ప్రసాద్ 2011లో హిందీ ‘రెడీ’ సినిమాకి ‘ఢింకా చికా’గా ఇచ్చాడు. 1990 నాటి ‘అబ్బనీ తీయని దెబ్బ’ బాణీ 1992లో హిందీలో ‘ధక్ ధక్ కర్నే లగా’ అయింది. ఇవి వేరువేరుగా రికార్డు చేసినవి, మధ్యలో కోసి అతికించకూడదు. ఒకటి పూర్తిగా వేసి వెంటనే రెండోది వేయండి. ‘అరె, ఇది మా పాటే’ అని రెండు వైపుల నుంచీ వినపడుతుంది, ఫ్లోర్ మీద మీవాళ్ళు మావాళ్ళు అన్న తేడా లేకుండా అందరూ కలుస్తారు.

సమస్య: అడిగిన పాటే వేశారు, కానీ ఎవరూ గుర్తుపట్టలేదు

కారణం: వేరే వెర్షన్. మీరు పేరు మాత్రమే ఇచ్చారు, డీజే తన లాప్‌టాప్‌లో ఉన్న రీమిక్స్ వేశాడు. ఒడియావాళ్ళు పెళ్ళిళ్ళలో తప్పక వేసే ‘రంగబతి’నే చూడండి. 1970లలో జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడిన సంబల్‌పురి పాట అది. 2015లో కోక్ స్టూడియోలో వచ్చినది విడిగా వినడానికి బాగానే ఉంటుంది గాని, బరంపురం పిన్నిగారు లేచి ఆడేది మాత్రం పాతదానికే.

పరిష్కారం: లిస్టులో పేరు పక్కన సినిమా, సంవత్సరం, గాయకుల పేర్లు రాయండి. ముఖ్యమైన పది పన్నెండు పాటలు మీరే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. హాల్లో నెట్ మీద ఆధారపడితే పాట మధ్యలో ప్రకటన కూడా రావచ్చు.

సమస్య: భోజనాల దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు

స్పీకర్లు భోజనాల వైపు తిరిగి ఉన్నాయి. అంతే. ఫ్లోర్‌కు రెండు వైపులా పెట్టి లోపలికి తిప్పమనండి, పెద్దవాళ్ళ కుర్చీలు బేస్ బాక్స్‌ల ముందు వేయకండి. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే ఆ శబ్దం సరిపోయినట్టే.

ఒక సాయంత్రం మొత్తం ఇలా

మధురవాడ అమ్మాయి, బరంపురం అబ్బాయి అనుకుందాం. బీచ్ రోడ్డు వైపు ఓపెన్ లాన్‌లో రిసెప్షన్. ఇక్కడ గడియారం చివరి నుంచి మొదలవుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. కాబట్టి పదింటికి పాట ఆగాలి. చివర్లో ఫొటోకి కొన్ని నిమిషాలు పోను డాన్స్‌కు గంట కావాలంటే 8.50కి మొదలవ్వాలి.

ఏడు నుంచి 8.15 వరకు పాత పాటలు, తక్కువ శబ్దంతో. తెలుగు రెండు, ఒడియా ఒకటి, హిందీ ఒకటి చొప్పున తిప్పండి. వరసగా ఆరు తెలుగు పాటలొస్తే అబ్బాయి వైపువాళ్ళు అది మీ ఇంటి పేరంటం అనుకుంటారు. 8.15కి బఫే, ‘వివాహ భోజనంబు’. అక్కడి నుంచి ఎనభైలు, తొంభైల మెలొడీలు. అమ్మానాన్నల వయసువాళ్ళు ప్లేటు పట్టుకుని పాడుకునేవి.

8.50కి డాన్స్. మొదటి పాట కుర్రాళ్ళకు ఇవ్వకండి. వాళ్ళు ఎలాగూ వస్తారు, మొహమాటం ఉండేది నలభై దాటినవాళ్ళకే. అందుకే ‘ఊర్వశి’, తెలుగులో మొదలై హిందీలో ముగిసేలా. వెంటనే ‘ముక్కాబులా’. తర్వాత ‘రింగ రింగా’, ‘ఢింకా చికా’ జంట. 9.10కి నేవీ స్నేహితుల కోసం భాంగ్రా రెండు. ఇక్కడ ఆపి, మైకులో అబ్బాయి మామయ్యనో బాబాయినో ఫ్లోర్ మీదకు పిలిచి ‘రంగబతి’ వేయండి. పేరు పెట్టి పిలిస్తేనే వస్తారు, ‘అందరూ రండి’ అంటే ఎవరూ కదలరు. దాని వెనకే మన ఉత్తరాంధ్ర పాట: ‘పలాస 1978’ సినిమాతో ఊరూరా మోగిన ‘నాది నక్కిలీసు గొలుసు’. బరంపురం నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు, సిగ్గుపడకుండా కలుస్తారు.

9.30 నుంచి కొత్త పాటలు, పిల్లలు అడిగినవి. పిల్లల కోరికలు చీటీ మీద తీసుకుని ఒక్కరే డీజేకి ఇవ్వాలి. ఆ ఒక్కరు పెళ్ళికొడుకు తమ్ముడు కాకూడదు, అతను ఫ్లోర్ మీదే ఉంటాడు. బయట పార్కింగ్ చూసుకునే బావలాంటివాళ్ళు నయం. 9.48కి ‘నాటు నాటు’, చరణంలో ‘నాచో నాచో’. ఇది ముందే వేసేస్తే తర్వాత వచ్చే ఏ పాటా దాని ముందు నిలవదు. 9.54కి శబ్దం సగానికి తగ్గించి, స్టేజి మీదకు కుటుంబాల ఫొటోకి పిలవండి.

ఈ వరసలో ఏ పాటకైనా ఫ్లోర్ సగానికి పడిపోతే ఆ పాటను పూర్తిగా ఆడించాలన్న పట్టుదల వద్దు. పల్లవి రెండోసారి వచ్చేలోపు మార్చమని డీజేకి ముందే చెప్పి ఉంచండి. అత్తగారు అడిగిన పాటైతే మాత్రం ఫ్లోర్ ఖాళీ అయినా చివరిదాకా ఉంచండి.