ఫ్లాట్ చూసి వెళ్లిన తర్వాత మౌనం వహించిన కొనుగోలుదారుకు ఏ సందేశం, ఎప్పుడు పంపాలి?

సైట్ విజిట్‌కు వచ్చి, మోడల్ ఫ్లాట్‌లో గంటసేపు తిరిగి, వంటింటి బాల్కనీలో వాషింగ్ మెషీన్ పడుతుందో లేదో కొలతలు కూడా తీసుకున్నవారు మరుసటి వారం నుంచి ఉలుకూ పలుకూ లేకుండా పోవడం ఈ వృత్తిలో నిత్యం చూసేదే. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఒక్కటే: రెండు రోజులకోసారి "ఏమైనా అప్‌డేట్ ఉందా సార్?" అని వాట్సాప్‌లో అడగడం. నేనూ అలా ఒకరికి వరుసగా ఐదుసార్లు పంపాను, ఆరోసారి పంపే అవసరం రాలేదు, నన్ను బ్లాక్ చేశారు. మౌనానికి కారణం తెలుసుకోకుండా పంపే సందేశం అవతలివారికి బాకీ వసూలులా వినిపిస్తుంది.

లక్షణం: ధరల పట్టిక అడిగి తీసుకున్నారు, నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కారణం చాలావరకు ధర కాదు, చేతిలోంచి పెట్టవలసిన మొత్తం. హైదరాబాద్‌లో నాకు ఎదురైన ఒక ఉదాహరణ చెబుతాను. దంపతులు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన భవనంలో 1,250 చదరపు అడుగుల ఫ్లాట్ చూశారు, ధర అడుగుకు 6,200 చొప్పున 77.5 లక్షలు. బ్యాంకు 80 శాతం, అంటే 62 లక్షలు ఇచ్చినా, మిగిలిన 15.5 లక్షలు సిద్ధం చేసుకుంటే సరిపోతుందని వారు అనుకున్నారు. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, సుమారు 5.81 లక్షలు, ఆ లోను లెక్కలోకి రాదు. అసలు కావలసింది 21.31 లక్షలు. మా పట్టికలో అది అడుగున చిన్న అక్షరాలలో "రిజిస్ట్రేషన్ అదనం" అని ఉంది, ఇంటికి వెళ్లాక ఎవరో లెక్క వేసి చెప్పారు. డబ్బు చాలదని అపరిచితుడికి చెప్పుకోవడం ఎవరికైనా నామోషీయే కదా, అందుకే మౌనం.

పరిష్కారం ఏమిటంటే, ఆ మాట వారు చెప్పవలసిన అవసరం లేకుండా మనమే లెక్కను ముందుంచడం. వారికి మూడో రోజున నేను పంపినది ఇది:

"నమస్తే సార్. మీరు చూసిన ఫ్లాట్‌కు లోను పోగా మీ చేతి నుంచి కావలసినది రిజిస్ట్రేషన్‌తో కలిపి సుమారు 21.3 లక్షలు. ఇందులో 5.8 లక్షలు రిజిస్ట్రేషన్ రోజునే అవసరం. నిర్మాణం పూర్తయింది కనుక జీఎస్టీ లేదు. తేదీల వారీగా లెక్క కావాలంటే 'లెక్క' అని పంపండి, చాలు."

ఒక్క పదంతో జవాబివ్వగలిగే వీలు ఇందులో ముఖ్యం. సాయంత్రానికి "లెక్క" అని వచ్చింది, వెంటనే తండ్రిగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ రెండు నెలలకు చేతికి వస్తుందన్న సంగతీ తెలిసింది. ఇక తర్వాతి సందేశానికి తేదీ దానంతట అదే కుదిరింది.

లక్షణం: "ఇంట్లో మాట్లాడి చెబుతాం" అన్నారు, ఆ తర్వాత లేరు.

నిర్ణయించేవారు సైట్‌కు రాలేదని దీని అర్థం, తరచుగా ఆ వ్యక్తి వాస్తు చూసే పెద్దాయన. ఇక్కడ బ్రోచర్ పనికిరాదు. ఉత్తరం గుర్తు, గుమ్మం దిక్కు, వంటగది, మరుగుదొడ్ల స్థానాలు స్పష్టంగా కనిపించే ఒక్క ప్లాన్ బొమ్మను, యథాతథంగా ఫార్వర్డ్ చేయగలిగేలా, విజిట్ రోజు సాయంత్రమే పంపాలి. దోషం ఉంటే దాచవద్దు, అదే భవనంలో మరో దిక్కు ఫ్లాట్ ఉంటే పక్కనే చూపాలి.

లక్షణం: బాగా మాట్లాడినవారు ఆషాఢంలోనో మూఢంలోనో ఆగిపోయారు.

ఇది రోగం కాదు. మంచి రోజులు మొదలయ్యే తేదీని రాసుకుని, దానికి వారం ముందు మాత్రమే పలకరించాలి. ఈలోగా "ఒక్క ఫ్లాటే మిగిలింది" అని తొందరపెడితే, శ్రావణంలో వచ్చి చూసినప్పుడు నాలుగు ఖాళీగా కనిపిస్తే మన మాట పోతుంది.

లక్షణం: రోజుల తరబడి ఒక్క టిక్కే.

ఫోను ఆగి ఉండవచ్చు, నంబరు మారి ఉండవచ్చు, లేదా బ్లాక్ చేసి ఉండవచ్చు. పగటిపూట ఒక్కసారి కాల్ చేసి ఊరుకోవాలి, మరో నంబరు నుంచి పంపడం తగదు. రెండు బూడిద టిక్కులను చదవలేదనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు, రీడ్ రిసీట్లు తీసేసినవారు చదివినా అవి నీలం కావు.

మొత్తం వరుస నాలుగు సందేశాలు దాటకూడదని నా లెక్క: విజిట్ రోజు సాయంత్రం ప్లాన్, మూడో రోజు డబ్బు లెక్క, పదో రోజు వారు సైట్‌లో అడిగిన ప్రశ్నకు పత్రంతో సహా జవాబు, ఇరవై ఒకటో రోజు చివరిది. మూడోదానికి ఆ ప్రశ్న మనకు గుర్తుండాలి కనుక, వారి కారు గేటు దాటకముందే ఫోనులో రాసుకోవాలి. చివరిది ఇలా ఉండవచ్చు: "మీకు ఈ ఫ్లాట్ వద్దనుకుంటే 'వద్దు' అని పంపండి సార్, ఇక ఇబ్బంది పెట్టను." దానికీ పలకకపోతే వాట్సాప్‌లో వారి చాట్‌కు పెట్టుకున్న లేబుల్ మార్చి, ధరో లభ్యతో నిజంగా మారినప్పుడే మళ్లీ రాయాలి. "వద్దు" అని వచ్చినప్పుడు ధన్యవాదాలతో పాటు, బడ్జెట్టా ప్రాంతమా అని ఒక్కమాట అడిగితే చాలామంది నిజం చెబుతారు.