5 కిలోల డంబెల్‌తో పెద్ద కండర పోగులను పనిలోకి దించడం ఎలా?

మా మేనల్లుడు అనంతపురంలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. వ్యాయామానికి వాడి దగ్గర ఉన్నది 5 కిలోల డంబెల్స్ ఒక జత, అంతే. రోజు విడిచి రోజు ఒక్కో చేతికి 20 చొప్పున మూడు సెట్లు కర్ల్స్ రెండు నెలలు చేశాడు. టేపు పెట్టి కొలిస్తే జబ్బ చుట్టుకొలత మొదట ఎంతో ఇప్పుడూ అంతే. "ఈ బరువు చాల్లేదు మామా, జిమ్ముకు పోవాల్సిందే" అన్నాడు. నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. జిమ్ము సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ డంబెల్‌నే ఇంక లేవదు అనేదాకా ఎత్తి చూపించమన్నాను. 34 వచ్చాయి. అంటే రెండు నెలలుగా ప్రతి మొదటి సెట్‌లో 14 మిగుల్చుకుని ఆపేస్తున్నాడు. వాడికి కావలసిన పని ఆ మిగిలిన 14లోనే ఉంది.

ఎందుకో అర్థమైతే ఎలా చేయాలో సులువుగా తెలుస్తుంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

కండరంలోని పోగులన్నీ ఒకేసారి పని చేయవు. వెన్నుపాములో ఉన్న ఒక్కో నాడీకణం తన కింద కొన్ని పోగులను పెట్టుకుంటుంది. ఆ నాడీకణాన్నీ దాని పోగులనూ కలిపి మోటార్ యూనిట్ అంటారు. చిన్న యూనిట్ కింద కొద్ది పోగులే ఉంటాయి, అవి ఓ పట్టాన అలసిపోవు. పెద్ద యూనిట్ల కింద వందల్లో, పిక్క లాంటి కండరాల్లో అయితే వెయ్యికి పైగా పోగులుంటాయి. వాటికి బలం ఎక్కువ, త్వరగా అలసిపోతాయి, ఎక్కువగా లావెక్కేవీ అవే. చిన్న నాడీకణం కొద్దిపాటి సంకేతానికే స్పందిస్తుంది. పెద్దది స్పందించాలంటే సంకేతం గట్టిగా రావాలి. అందుకే పెద్ద వాటికి హై థ్రెషోల్డ్ యూనిట్లని పేరు. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత అనే ఈ వరుసను ఎల్వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త 1957లో చూపించాడు.

మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు దించేచోట ఒక మేస్త్రీ ఉన్నాడనుకోండి. అతను ఎవరినీ పేరు పెట్టి పిలవలేడు. గొంతు పెంచడం, తగ్గించడం మాత్రమే అతని చేతిలో ఉంది. మెల్లగా పిలిస్తే దగ్గరున్న కుర్రాళ్లు వస్తారు. దూరంగా చెట్టు కింద పడుకున్న పహిల్వాన్లు లేవాలంటే గట్టిగా అరవాల్సిందే. మన మెదడుది కూడా అదే పరిస్థితి. "ఈ రోజు పెద్ద పోగులతో ఎత్తుతాను" అని ఎంచుకునే వీలు దానికి లేదు. సంకేతాన్ని పెంచగలదు, తగ్గించగలదు, అంతే.

ఇప్పుడు 5 కిలోల లెక్కకు వద్దాం. మా వాడు ఒక్క చేత్తో ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువు 14 కిలోలు. దాంట్లో 5 కిలోలంటే 36 శాతం. తాజాగా ఉన్న జబ్బ కండరంలో చివరి వరుస యూనిట్లు దాదాపు 80 శాతం బలం దాటాక గానీ లేవవు. కాబట్టి మొదటిసారి ఎత్తినప్పుడు, అంటే మొదటి రెప్‌లో, కుర్రాళ్లే పని కానిచ్చేస్తారు. కానీ ఎత్తే కొద్దీ పనిలో ఉన్న పోగుల్లో వ్యర్థాలు పేరుకుంటాయి, వాటి పట్టు సడలుతుంది. బరువు మాత్రం తగ్గదు. పడిపోయిన బలాన్ని పూడ్చడానికి మెదడు సంకేతం పెంచక తప్పదు, పెంచినప్పుడల్లా పై వరుస యూనిట్లు వచ్చి చేరతాయి. లెక్క కోసం ఇలా అనుకోండి: పదో రెప్‌కు చేతి బలం 14 కిలోల నుంచి 11కు దిగింది, ఇరవయ్యో రెప్‌కు 8కి దిగింది, 34వ రెప్ దగ్గర 5కు చేరింది. అక్కడ 5 కిలోలంటే ఆ చేతికి ఉన్న బలమంతా. డంబెల్ మారలేదు, దానికి కావలసిన ప్రయత్నం 36 శాతం నుంచి నూటికి నూరు శాతమైంది.

20 దగ్గర ఆపేవాడు ఈ దారిలో సగం దూరం వచ్చి వెనక్కి తిరుగుతున్నాడు. పెద్ద యూనిట్లు కొన్ని వచ్చి ఉంటాయి, కానీ అసలైన వాటికి పని తగలలేదు.

ముందు, బరువు మరీ తేలికైందా చూడండి

తాజాగా ఉన్నప్పుడు 15 నుంచి 35 రెప్స్ మధ్య ఎక్కడో ఫెయిల్యూర్, అంటే ఇంక లేవని స్థితి, వచ్చే బరువు దీనికి సరిపోతుంది. 60, 70 రెప్స్ లాగించగలిగే బరువైతే వద్దు. 2018లో బ్రెజిల్ పరిశోధకులు గరిష్ఠ బలంలో 20, 40, 60, 80 శాతం బరువులను పోల్చి చూశారు. 20 శాతం దగ్గర మాత్రం కండరం పెరుగుదల తక్కువగా వచ్చింది. అందుకే 30 శాతానికి దిగువకు వెళ్లొద్దని నా మాట. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు పది వారాల పాటు యువకుల చేత కూర్చుని మోకాలు చాపుతూ బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ చేయించినప్పుడు, 30 శాతంతో ఫెయిల్యూర్ దాకా వెళ్లిన కాలూ 80 శాతంతో వెళ్లిన కాలూ దాదాపు సమానంగా పెరిగాయి.

ఒక్కసారి నిజమైన ఫెయిల్యూర్ ఎక్కడుందో కనుక్కోండి

దీనికే ఎక్కువ ఓపిక కావాలి, ఎక్కువ మంది తప్పేదీ ఇక్కడే. గోడకు వీపు ఆనించి నిలబడండి, మోచేయి పక్కటెముకలకు ఆనించి ఉంచండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. పైకి ఒక సెకను, కిందికి రెండు సెకన్లు, పూర్తిగా కిందికి, పూర్తిగా పైకి. ఊపు ఇవ్వకుండా, మోచేయి కదపకుండా, మనసారా ప్రయత్నించినా పైదాకా రాని రెప్పే ఫెయిల్యూర్.

తేలిక బరువుతో వచ్చే ఇబ్బంది మంట. మా వాడు 22 దగ్గరే "మామా, చేయి కాల్తాంది, ఇంగ కాదు" అన్నాడు. "ఎత్తరా, పడిపోతే నేను పట్టుకుంటాలే" అన్నాను. ఇంకో 12 వచ్చాయి. మంట అంటే వ్యర్థాలు పేరుకుంటున్నాయన్న కబురు మాత్రమే, బలం అయిపోయిందన్న కబురు కాదు. బరువు తగ్గే కొద్దీ మంటకూ ఫెయిల్యూర్‌కూ మధ్య దూరం పెరుగుతుంది. అందుకే తేలిక బరువులు ఎత్తేవాళ్లు ఇంకా పది మిగిలి ఉన్నా అయిపోయిందనుకుంటారు.

మరి దేన్ని నమ్మాలి? వేగాన్ని. వీడియో చూస్తే 25వ రెప్ దాకా డంబెల్ ఒక్క సెకనులో పైకి వచ్చింది. 31వ దానికి దాదాపు రెండు సెకన్లు పట్టింది. 33వది మూడు సెకన్లు. వాడు నెమ్మదించాలని అనుకోలేదు, వేగంగా ఎత్తాలనే తంటాలు పడ్డాడు. అయినా నెమ్మదించింది. పెద్ద యూనిట్లు పనిలో ఉన్నాయనడానికి ఇంట్లో మనకు దొరికే నమ్మకమైన గుర్తు ఇదే.

ఆ నెమ్మది గుర్తు మాత్రమే కాదు, దానివల్ల లాభం కూడా ఉంది. పోగు ఎంత నెమ్మదిగా కుదించుకుంటే దాని మీద అంత ఎక్కువ లాగుడు పడుతుంది. కండరం పెరగాలంటే యూనిట్ లేస్తే చాలదు, దాని పోగుల మీద ఈ లాగుడు పడాలి. ఖాళీ చేతిని గాల్లోకి విసిరినప్పుడు కూడా పెద్ద యూనిట్లు లేస్తాయి, కానీ ఆ వేగంలో పోగుల మీద భారం పడదు కాబట్టి కండరం పెరగదు. మొదటి రెప్ నుంచే కావాలని నత్తనడకన ఎత్తినా ఈ ఫలితం రాదు, ఎందుకంటే అక్కడ సంకేతం తక్కువే.

రోజువారీ సెట్‌ను ఒకటి, రెండు మిగిలి ఉండగా ఆపండి

మొదటి రోజు తెలుసుకున్న చోటికి ప్రతిసారీ వెళ్లనక్కర్లేదు. వేగం స్పష్టంగా పడిపోయాక ఇంకో రెండు చేసి ఆపితే మా వాడికి 32, 33 అవుతుంది. బరువు ఎక్కువైతే మూడు, నాలుగు మిగిలినా నష్టం ఉండదు, ఎందుకంటే అక్కడ పెద్ద యూనిట్లు మొదటి రెప్ నుంచే పనిలో ఉంటాయి. తేలిక బరువుకు ఆ వెసులుబాటు లేదు.

సెట్ల మధ్య రెండు నుంచి మూడు నిమిషాలు ఆగండి. ఊపిరి అందక ఆపితే చేతి కండరానికి పని మిగిలిపోతుంది. రెండో సెట్‌లో రెప్స్ తగ్గుతాయి, కంగారు పడొద్దు. మా వాడికి 33, 22, 17 వచ్చాయి. అంకె తగ్గినా మూడింటి చివరా ప్రయత్నం ఒకటే. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామంతో చేస్తే చాలు.

ఎక్కడ ఇది పనికిరాదు

14 కిలోల నుంచి 20 కిలోలు ఎత్తాలన్నది లక్ష్యమైతే పెద్ద బరువులే ఎత్తాలి. మెక్‌మాస్టర్ ప్రయోగంలో కండరం సమానంగా పెరిగినా, ఒక్కసారి ఎత్తే గరిష్ఠ బరువు మాత్రం 80 శాతం వాళ్లకే ఎక్కువ పెరిగింది. పెద్ద బరువు ఎత్తడం నాడులు నేర్చుకోవాల్సిన విద్య కూడా.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. తేలిక సెట్ చివర కండరంలోని విద్యుత్ సంకేతాలు కొలిస్తే, బరువు ఎక్కువున్న సెట్ అంత పెద్దగా కనిపించవు. యూనిట్లన్నీ ఒకే క్షణంలో లేవకుండా, కొన్ని అలసి తప్పుకుంటుంటే మరికొన్ని ఎక్కుతూ ఉండటం దీనికి ఒక కారణం కావచ్చు. అయితే కండరం ముక్క తీసి చూసిన ప్రయోగాల్లో, తేలిక బరువుతో ఫెయిల్యూర్ దాకా వెళ్లినవాళ్లలో కూడా నెమ్మది పోగులతో పాటు, పెద్ద యూనిట్ల కింద ఉండే వేగం పోగుల్లోనూ ఇంధనంగా వాడుకునే గ్లైకోజన్ నిల్వలు తగ్గి కనిపించాయి. ఆ పోగులకు పని తగలకుండా నిల్వ తగ్గదు.

కర్ల్స్, పుషప్స్, కాలి మడమలు ఎత్తడం లాంటి వాటిలోనే ఫెయిల్యూర్ దాకా వెళ్లండి. మెడ మీద బరువు పెట్టుకుని స్క్వాట్స్‌లో వద్దు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఇది చేయకండి, ఎవరూ ఊపిరి బిగబట్టకండి. మా ఊరి ఏప్రిల్ ఎండల్లో అయితే తెల్లవారుజామునే కానిచ్చుకోవాలి. కొత్తవాళ్లు మొదటి వారం ఒక్క సెట్‌తో సరిపెట్టుకోండి. ఒకే రోజు పది సెట్లు ఫెయిల్యూర్ దాకా చేసేసి, మర్నాడు చేయి వాచిపోయి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్లునొప్పి కాదు. కండరం కరిగి మూత్రపిండాలకు చేరుతోందని అర్థం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నోటుబుక్కులో రాసుకోండి, 35 దాటితే బరువు పెంచండి

తేదీ, మూడు సెట్ల రెప్స్, చివరి రెప్ ఎన్ని సెకన్లు పట్టిందీ, ఈ మూడూ చాలు. మా వాడికి ఆరో వారంలో మొదటి సెట్ 38కి చేరింది. అప్పుడు గట్టి గుడ్డసంచిలో ఇసుక పోసి, కింద ఉన్న కిరాణా కొట్టులో తూకం వేయించి 7 కిలోలకు సరిచేసుకున్నాడు. దాంతో మొదటి రోజు 23 దగ్గర చేయి నెమ్మదించింది, 25 దగ్గర ఆపాడు.