సాహిత్య సమీక్షను ప్రశ్నించడం – 4వ పాఠం: ఆ మాట మొదట ఎవరు, ఎవరిని చూసి అన్నారు?

సాహిత్య సమీక్ష అంటే ఇక్కడ ఒక అంశంపై అంతకుముందు వచ్చిన పరిశోధనలను కూడగట్టి చెప్పడం. గత పాఠంలో వెతుకులాటకు సంబంధించిన ప్రశ్నలు చూశాం. సమీక్షకుడు ఏ పదాలతో, ఏ సంవత్సరాల మధ్య వెతికాడో అడిగితే అతని కంట పడకుండా పోయిన వ్యాసాలు బయటపడతాయి. ఈ పాఠం అతని కంట పడిన వ్యాసాల గురించి. సమీక్షలో పేర్కొన్న వ్యాసాలన్నీ ఉన్నవే అయినా, వాటి పేర్లన్నీ సరిగ్గానే రాసినా, వాటిమీద నిలబెట్టిన వాక్యానికి తగిన ఆధారం లేకపోవచ్చు. వినేవారికి ఇది సులువుగా దొరకదు, ఎందుకంటే వాక్యం చివర బ్రాకెట్లలో ఐదారు పేర్లు కనిపించగానే ఆ విషయం ఏనాడో తేలిపోయిందనే నమ్మకం కలుగుతుంది. ఈ లోటును పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు నేర్చుకుంటే చాలు. అయితే వాటిని వరుస తప్పకుండా అడగాలి.

1995లో ఒక పరిశోధక విద్యార్థి దీర్ఘకాలిక నొప్పి చికిత్సపై సమీక్ష సమర్పిస్తున్నాడని ఊహించుకుందాం. విద్యార్థి కల్పితుడే గానీ, మనం చేరబోయే మూలం మాత్రం నిజమైనది. తెర మీద ఒక వాక్యం ఉంది: "నొప్పికి ఓపియాయిడ్ మందులు వాడినవారిలో వ్యసనం అరుదని పూర్వ పరిశోధనలు తేల్చాయి." ఓపియాయిడ్లంటే నల్లమందు తరహా బలమైన నొప్పి మందులు. ఆ వాక్యం పక్కన ఆరు వ్యాసాల పేర్లున్నాయి.

మొదటి ప్రశ్న ఇలా అడగాలి: "ఈ ఆరింటిలో స్వయంగా రోగులను పరిశీలించి ఈ మాట చెప్పినవి ఎన్ని, మరొకరు చెప్పినదాన్ని తిరిగి చెప్పినవి ఎన్ని?" విద్యార్థి దగ్గర జవాబు లేకపోతే దాన్ని వెతికే పద్ధతి కూడా మనకు తెలిసి ఉండాలి. ఆ వాక్యం ప్రతి వ్యాసంలోనూ ఏ భాగంలో ఉందో చూడాలి. అది ఉపోద్ఘాతంలోనో చర్చలోనో ఉండి, దాని చివర మరో వ్యాసం పేరు ఉంటే, ఆ మాట అరువు తెచ్చుకున్నదని అర్థం. ఫలితాల భాగంలో ఉండి, ఎందరిని చూశారో, ఏం లెక్కించారో దానికి ముందే రాసి ఉంటే అది ఆ రచయితల సొంత ఆధారం. అరువు మాటైతే అది సూచించిన వ్యాసానికి వెళ్లి అక్కడా ఇదే పరీక్ష చేయాలి. లెక్క దొరికేదాకా ఇలా వెనక్కి నడవాలి. మన విద్యార్థి చెప్పిన ఆరింటిలో రెండు సమీక్షలు, ఒకటి పాఠ్యపుస్తక అధ్యాయం, మరో రెండు ఉపోద్ఘాతంలో ఆ మాటను వాడుకున్న వ్యాసాలు అనుకుందాం. ఈ ఐదూ ఆరోదాని దగ్గరికే చేరతాయి. అంటే తెర మీద ఆరుగురు సాక్షులున్నట్టు కనిపించినా, సాక్ష్యం చెప్పింది ఒక్కరే.

ఆ ఆరోది 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ రాసిన లేఖ. అది పరిశోధన వ్యాసం కాదు, సంపాదకుడికి రాసిన ఐదు వాక్యాల ఉత్తరం. ఇక్కడ రెండో ప్రశ్న అడగాలి: "అక్కడ ఎవరిని, ఏ పరిస్థితిలో, ఎంతకాలం గమనించారు?" లేఖ చెప్పేది ఇది: ఆసుపత్రిలో చేరిన 39,946 మంది రోగుల రికార్డులను రచయితలు చూశారు. వారిలో 11,882 మందికి కనీసం ఒక్కసారైనా మాదక ఔషధం, అంటే ఓపియాయిడ్ మందు, ఇచ్చారు. గతంలో వ్యసనం లేనివారిలో తగిన ఆధారాలతో నమోదైన వ్యసనం కేసులు నాలుగే కనిపించాయి. మందు ఎంత మోతాదులో ఎన్ని రోజులు ఇచ్చారో, ఇంటికి వెళ్లాక వారు ఏమయ్యారో లేఖలో లేదు.

ఇప్పుడు లేఖ ముగింపునూ తెర మీది వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆసుపత్రుల్లో ఈ మందులు విస్తృతంగా వాడుతున్నా, వ్యసన చరిత్ర లేని రోగులలో వ్యసనం అరుదని లేఖ అంటోంది. "ఆసుపత్రుల్లో" అన్న మాట తెర మీద లేదు. "వ్యసన చరిత్ర లేని" అన్న షరతూ లేదు. సమీక్ష అంశమేమో నెలల తరబడి ఇంటి దగ్గర మందు వాడేవారి గురించి. కనుక సమీక్షకుడు తేలిపోయిందని చెప్పిన చోటే అసలు ఖాళీ ఉంది: దీర్ఘకాలం ఇంటి దగ్గర వాడేవారిలో వ్యసనం ఎంత అనే ప్రశ్నకు ఈ ఆరు వ్యాసాలూ జవాబు ఇవ్వలేదు. నా దృష్టిలో సమీక్షలో అత్యంత ప్రమాదకరమైన లోటు ఇదే, ఎందుకంటే ఎవరూ పరిశోధించలేదని ఒప్పుకున్న చోటికి ఎవరో ఒకరు వెళ్తారు గానీ, తేలిపోయిందని రాసిన చోటికి ఎవరూ వెళ్లరు.

ఈ లేఖ విషయంలో జరిగినది తర్వాత లెక్కతో సహా బయటపడింది. 2017లో అదే పత్రికలో కొందరు పరిశోధకులు ఈ లేఖను ఉటంకించిన 608 రచనలను పరిశీలించారు. వాటిలో 439 రచనలు వ్యసనం అరుదన్న మాటకు ఆధారంగా దాన్ని చూపించాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతి 491 రచనల్లో లేనే లేదు. అంటే ప్రతి ఐదింటిలో నాలుగు రచనలు మన రెండో ప్రశ్నకు తట్టుకోలేవు.

ఈ ప్రశ్నల పరిధి గురించి ఒక జాగ్రత్త అవసరం. లేఖలోని లెక్క తప్పని మనం చూపలేదు, చూపే ప్రయత్నమూ చేయలేదు. దాని హద్దు లోపల అది ఒక చిన్న పరిశీలన. తెర మీది వాక్యం అబద్ధమని కూడా ఈ ప్రశ్నలు రుజువు చేయవు. ఇంత ఆధారంతో అంత మాట అనడానికి వీల్లేదని మాత్రమే చూపుతాయి. సెమినార్‌లో ఈ తేడా మరచిపోయి "మీ వాదన తప్పు" అనేస్తే, విద్యార్థి తన వాదనను కాపాడుకునే పనిలో పడతాడు, చర్చ మూలం దాకా వెళ్లదు.

జవాబు వినేటప్పుడు రెండు గుర్తులు గమనించండి. "చాలామంది ఇదే అన్నారు" అని మళ్లీ సంఖ్యనే చూపిస్తే, మూలం చదవలేదని దాదాపు ఖాయం. వేర్వేరు వ్యాసాల్లోని మాటలు ఒకే పదాలతో, ఒకే క్రమంలో వినిపిస్తే, ఒకరి వాక్యం మరొకరికి చేతులు మారిందని అనుమానించాలి. దీనికి భిన్నంగా, "మూలంలో ఆసుపత్రి రోగులే ఉన్నారు, అయినా నేను దాన్ని వాడటానికి ఇదీ కారణం" అని చెప్పగలిగితే, కారణంతో ఏకీభవించకపోయినా ఆ సమీక్షకుడు తన ఆధారాన్ని ఎరిగినట్టే.

అభ్యాసం: మీరు రాసిన లేదా విన్న ఏదైనా సమీక్ష నుంచి "తేల్చాయి", "నిరూపించాయి" వంటి క్రియతో ముగిసే ఒక్క వాక్యాన్ని ఎంచుకోండి. ఒక కాగితం మీద ఆ వాక్యం రాసి, దాని కింద మూలం దాకా వెళ్లిన దారిని వ్యాసం తర్వాత వ్యాసంగా రాయండి. చివర చేరిన వ్యాసం నుంచి మూడు సంగతులు ఎత్తి రాయండి: ఎవరిని గమనించారు, ఎక్కడ, ఎంతకాలం. ఆ మూడూ మీ వాక్యంలో ఇమిడేలా దాన్ని తిరిగి రాయండి. మూలం దొరకకపోతే ఎక్కడ ఆగిపోయారో అక్కడే గీత గీసి ఉంచండి. వచ్చే పాఠంలో ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్న ఫలితాలను సమీక్షకుడు ఎలా పక్కన పెట్టాడో అడగడం నేర్చుకుంటాం, అప్పుడు ఈ కాగితమే మళ్లీ పనికొస్తుంది.