వ్యాపార మెయిళ్లు దాచడం, 4వ పాఠం: మూడేళ్లంటే ఏ రోజు నుంచి?

మూడో పాఠం చదివి, మూడేళ్లు దాటిన మెయిళ్లను సిస్టమే చెరిపేసేలా రూల్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది రాశారు. పాత మెయిళ్లన్నీ ఒక్క రాత్రిలో మాయమయ్యాయనీ, వాటిలో నడుస్తున్న ఒప్పందాల మెయిళ్లు కూడా ఉన్నాయనీ. "మామూలు మెయిళ్లకు మూడేళ్లు చాలు" అని ఆ పాఠంలో రాశాను, కానీ మామూలు అంటే ఏవో చెప్పలేదు. ఆ తప్పు నాది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న ఫోల్డర్ల అమరికను కొంత పక్కన పెట్టి, ముందు దీన్ని సరిచేస్తాను.

ఇప్పుడే ఆ రూల్‌ను ఆపండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

Outlook వాడేవాళ్లు Deleted Items ఫోల్డర్ తెరిచి Recover items deleted from this folder అన్నచోట చూడండి. మీ అడ్మిన్ మార్చకపోతే అక్కడ 14 రోజుల దాకా ఉంటాయి, పెంచుకున్నా గరిష్ఠంగా 30 రోజులే. సంస్థల Gmail మెయిళ్లను ఎన్నాళ్లు ఉంచాలో నిర్ణయించే Google Vault లో రూల్ పెట్టినవాళ్ల పరిస్థితి కష్టం. అక్కడ గడువు దాటాక ఏం చేయాలో రెండు దారులు ఇస్తారు: వాడేవాళ్లు అప్పటికే పూర్తిగా తొలగించిన మెయిళ్లను మాత్రమే చెరిపేయడం ఒకటి, ఇన్‌బాక్సులో ఉన్నవాటితో సహా అన్నిటినీ చెరిపేయడం రెండోది. రాసినవాళ్లంతా రెండోదే ఎంచుకున్నారు. అలా పోయినవి Trash లోకి కూడా రావు. ఇక మిగిలింది అవతలివాళ్ల దగ్గరున్న కాపీ. ఒప్పందం సజావుగా నడుస్తున్నప్పుడే, "పాత మెయిళ్లు ఒకసారి పంపండి" అని అడగడం తేలిక. గొడవ మొదలయ్యాక ఎవరూ పంపరు.

ఇప్పుడు అసలు సంగతి. మెయిల్ సిస్టమ్‌కు తెలిసింది ఒకటే తేదీ, మెయిల్ వచ్చిన లేదా పంపిన రోజు. చట్టం లెక్కపెట్టేది చాలాసార్లు ఆ రోజు నుంచి కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న సంస్థ తన యంత్రాల మరమ్మతుకు మూడేళ్ల సర్వీసు ఒప్పందం చేసుకుంది. అది 2020 ఏప్రిల్ 1న మొదలై 2023 మార్చి 31న ముగుస్తుంది. సంతకాలకు ముందు, 2020 మార్చి 10న, సర్వీసువాళ్లు ఒక మెయిల్ పంపారు: "విడిభాగాల ఖర్చు కూడా ఈ మొత్తంలోనే కలిసి ఉంటుంది." ఒప్పంద పత్రంలో ఈ సంగతి అస్పష్టంగా ఉంది. అంటే రేపు పేచీ వస్తే దిక్కు ఆ మెయిలే.

మెయిల్ తేదీ నుంచి మూడేళ్లు అని రూల్ పెడితే ఈ మెయిల్ 2023 మార్చి 10న పోతుంది. ఒప్పందం ఇంకా మూడు వారాలు నడవాల్సి ఉండగానే. ఇక దావా వేసే గడువు చూడండి. భారతదేశంలో 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఒప్పందం ఉల్లంఘించినందుకు నష్టపరిహారం అడగడానికి మూడేళ్లు, ఆ మూడేళ్లూ ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మొదలవుతాయి. చివరి రోజున, అంటే 2023 మార్చి 31న, విడిభాగాలకు వేరే బిల్లు వేశారనుకుంటే దావాకు 2026 మార్చి 31 దాకా సమయం ఉంది. మెయిల్ పోయాక మరో మూడేళ్లకు పైగా మీరు చేతిలో ఆధారం లేకుండా ఉంటారు. ఇంగ్లండులో మామూలు ఒప్పందాలకు ఆ గడువు ఆరేళ్లు కాబట్టి అక్కడివాళ్లతో వ్యాపారం చేసేవాళ్లకు ఈ ఖాళీ ఇంకా పెద్దది.

నేనైతే దావా గడువుకు ఇంకో ఏడాది కలుపుతాను. పై ఉదాహరణలో ఆ మెయిల్‌ను 2027 మార్చి ఆఖరుదాకా ఉంచుతాను. కారణం ఉంది. గడువు లోపల అవతలివాళ్లు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాతపూర్వకంగా ఇస్తే, ఆ రోజు నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. అలాంటి ఉత్తరం వచ్చిందో లేదో చూసుకుని ఫోల్డర్ తేదీ మార్చుకోవడానికి ఆ ఏడాది పనికొస్తుంది.

బిల్లులదీ ఇదే కథ. జీఎస్‌టీ చట్టంలో రికార్డులు 72 నెలలు ఉంచాలని ఉంది. చాలామంది దాన్ని "ఆరేళ్లు" అని రాసుకుని బిల్లు తేదీ నుంచి లెక్కపెడతారు. ఇది చూసినప్పుడల్లా నాకు చిరాకొస్తుంది, ఎందుకంటే చట్టంలో ఆ వాక్యం అక్కడితో ఆగదు. ఆ ఏడాది వార్షిక రిటర్ను దాఖలు చేయాల్సిన ఆఖరు తేదీ నుంచి 72 నెలలు అని ఉంది. 2021 ఏప్రిల్‌లో మెయిల్‌లో వచ్చిన బిల్లు 2021-22 ఆర్థిక సంవత్సరానిది. దాని వార్షిక రిటర్నుకు ఆఖరు తేదీ 2022 డిసెంబర్ 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2028 డిసెంబర్ 31. బిల్లు తేదీ నుంచి చూస్తే ఏడేళ్ల ఎనిమిది నెలలు! ఆరేళ్లని అనుకున్నవాళ్లు 2027 ఏప్రిల్‌లోనే దాన్ని చెరిపేస్తారు. అదే వ్యాపారం కంపెనీగా రిజిస్టరై ఉంటే, కంపెనీల చట్టం లెక్క పుస్తకాలనూ వాటి వోచర్లనూ ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. రెండు గడువులు వర్తిస్తే పెద్దదే తీసుకోవాలి. బ్రిటన్‌లోనూ కంపెనీ లెక్కల ఆరేళ్లు మొదలయ్యేది ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు నుంచే.

కాబట్టి మీ రూల్ కాగితంలో ప్రతి వరుసకూ "ఎన్నేళ్లు" పక్కన "ఎప్పటి నుంచి" అని ఇంకో గడి ఉండాలి. ఒప్పందాలకు ముగిసిన రోజు, బిల్లులకు రిటర్ను ఆఖరు తేదీ, ఉద్యోగుల మెయిళ్లకు వాళ్లు మానేసిన రోజు. మీటింగు టైములు, పార్సిల్ కబుర్లు, శుభాకాంక్షలు లాంటివాటికి మాత్రమే మెయిల్ తేదీ సరిపోతుంది. నేను మామూలు మెయిళ్లు అన్నది వీటినే.

సిస్టమ్‌కు ఇది ఎలా చెప్పాలి? చిన్న సంస్థకు ఖరీదైన ఏర్పాట్లు అక్కర్లేదు. దాచడానికే ఒక వేరే మెయిల్ బాక్స్ తెరిచి, దానికి ఆటోమేటిక్ తొలగింపు వర్తించకుండా చూడండి. Vault లో అయితే ఆ ఖాతాను వేరే విభాగంలో పెట్టి, దానికి గడువు లేని ప్రత్యేక రూల్ రాయాలి. ప్రత్యేక రూల్ ఉన్నచోట డిఫాల్ట్ రూల్ పనిచేయదు. ఆ బాక్సులో ఫోల్డర్ పేరు మొదట్లోనే తొలగించే నెల రాస్తాను: "2027-03 సర్వీసు ఒప్పందం". ఇంకా నడుస్తున్న ఒప్పందమైతే "ముగియలేదు" అని మొదలుపెట్టి, ముగిసిన రోజున పేరు మారుస్తాను. ఫోల్డర్లు పేరు క్రమంలో ఉంటాయి కాబట్టి ఈ నెల తొలగించాల్సినవి పైనే కనిపిస్తాయి.

ఆ బాక్సుకు మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేయకండి. అలా చేస్తే అది మీరు ఇవాళ పంపిన కొత్త మెయిల్ అవుతుంది. అసలు మెయిల్ ఏ సర్వర్ల గుండా, ఎప్పుడు వచ్చిందో చెప్పే హెడర్లు అందులో ఉండవు. మధ్యలో ఎవరైనా మాటలు మార్చారా అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. Gmail లో Forward as attachment వాడండి, లేదా Download message నొక్కి వచ్చే .eml ఫైలును దాచండి. Outlook లో రెండు బాక్సులూ పక్కపక్కన తెరిచి మెయిల్‌ను లాగి వేస్తే చాలు.

ఒకవేళ గొడవ ఇప్పటికే మొదలైతే పై లెక్కలేవీ వర్తించవు. లీగల్ నోటీసు వచ్చేదాకా ఆగకుండా, దావా తప్పదని అనిపించిన రోజునే ఆ విషయానికి సంబంధించిన తొలగింపులన్నీ ఆపాలి. ఆపడం ఎలాగో, ఎవరెవరి బాక్సుల్లో ఆపాలో ఐదో పాఠంలో.

అభ్యాసం: మీ దగ్గర నడుస్తున్న ఒప్పందాలన్నీ రాయండి. ఒక్కోదానికి ముగిసే తేదీ, దావా గడువు, అదనపు ఏడాది కలిపి తొలగించే నెల తేల్చండి. తర్వాత ఒక్కో ఒప్పందంలో అత్యంత పాత మెయిల్ వెతికి, మీ పాత రూల్ ప్రకారం అది ఏ రోజున పోయేదో పక్కన రాయండి. ఇది ఒక పూట పని, కానీ ఇది పూర్తయ్యేదాకా రూల్‌ను మళ్లీ ఆన్ చేయొద్దు.